‘క్వాలిటీ’ అంటే ఏ క్వాలిటీ? – ఇంటర్వ్యూకు ఒప్పుకునే ముందు ఒక్క ప్రశ్న



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నారు. కవిత రాయడం మాకు చేతకాదు. మేము ముగ్గురం ఈ హాస్టల్‌లోనే ఇంటర్, డిగ్రీ చదివి, తిరుపతిలో ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ పూర్తిచేశాం. ఆ తర్వాత ఉద్యోగాల కోసం తిరిగిన రోజుల్లో ఒక పొరపాటు చేశాం. అది చిన్నదే కానీ, మీలో చాలామంది రేపు అదే చేస్తారు. అందుకే దాని గురించి రాస్తున్నాం.

ఒకరోజు సాయంత్రం మాలో ఒకరికి బెంగళూరు నుంచి ఫోన్ వచ్చింది. ఒక మేడమ్ మాట్లాడింది. “ట్రైనీ క్వాలిటీ అనలిస్ట్ పోస్టులు ఉన్నాయి, మీ ఎం.ఎస్సీ. సరిపోతుంది, శుక్రవారం పది గంటలకు ఇంటర్వ్యూ, వస్తారా?” అని అడిగింది. “వస్తాం మేడమ్, మా ఫ్రెండ్స్ కూడా ఇద్దరున్నారు మేడమ్” అన్నాం. ఆమె వాళ్లను కూడా రమ్మంది. మేము అడిగింది ఒక్కటే, అడ్రస్.

క్వాలిటీ అనగానే మా బుర్రలో కదిలింది మందుల కంపెనీ, తెల్ల కోటు, ల్యాబు. రెండు రాత్రులు కూర్చుని హెచ్‌పీఎల్‌సీ, టైట్రేషన్లు, స్పెక్ట్రోస్కోపీ మళ్లీ చదివాం. ఒకడు పక్క గది వాడి బూట్లు అడిగి తెచ్చుకున్నాడు. తెల్లవారుజామున పలమనేరులో బస్సెక్కి, ముళబాగిలు, కోలారు మీదుగా బెంగళూరు చేరి, సిటీ బస్సు మారి, పది గంటలకల్లా ఆ ఆఫీసు మెట్ల మీద నిలబడ్డాం.

లోపల మా చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు. ఒక కస్టమర్‌తో ఒక అమ్మాయి ఇంగ్లీషులో మాట్లాడిన ఫోన్ కాల్ వినిపించి, “ఈమె మాట్లాడటంలో తప్పులేమిటి? మూడు రాయండి” అన్నారు. అది కాల్ సెంటర్. అక్కడ క్వాలిటీ అంటే ఫోన్లో మాట్లాడేవాళ్ల మాటలు విని మార్కులు వేయడం. మా ఇంగ్లీషుకు ఆ కాల్ సగమే అర్థమైంది. అరగంటలో ముగ్గురం బయట ఉన్నాం.

పంపించేటప్పుడు అక్కడి సారు కోప్పడలేదు. “ఇది ఏ క్వాలిటీ అని ఫోన్లోనే అడిగి ఉంటే చెప్పేవాళ్లం కదా” అన్నాడు. ఆ మాట నిజం. ఎవరూ మమ్మల్ని మోసం చేయలేదు, ఆ మేడమ్ అబద్ధం ఆడలేదు. ‘ఏ డిగ్రీ అయినా సరే’ అన్న పోస్టుకు ఎం.ఎస్సీ. సరిపోతుందని చెప్పింది, అంతే. అడగనిది మేము. ముగ్గురికీ చార్జీలు, భోజనాలు కలిపి రెండు వేలు దాటింది. రెండు రాత్రుల చదువు కూడా పోయింది.

ఒకే పేరు, నాలుగు పనులు

తర్వాత కూర్చుని ఆలోచిస్తే, మన చుట్టుపక్కల దొరికే ఉద్యోగాల్లోనే ‘క్వాలిటీ’ అన్న పేరుకు ఎన్ని అర్థాలున్నాయో తెలిసింది.

మన జిల్లాలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలున్నాయి. అక్కడ క్వాలిటీ కెమిస్ట్ అంటే తోతాపురి కాయ గుజ్జు చేసేటప్పుడు బ్రిక్స్ చూడటం, ఆమ్లం ఎంతుందో, పీహెచ్ ఎంతుందో చూడటం. బ్రిక్స్ అంటే గుజ్జులో కరిగిన చక్కెర లెక్క. రిఫ్రాక్టోమీటర్ మీద ఒక చుక్క వేస్తే తెలుస్తుంది. పని మంచిదే, కానీ కాయ ఉన్నన్నాళ్లే మిషన్లు జోరుగా తిరుగుతాయి. సీజన్ అయిపోయాక ఆ కెమిస్టును ఉంచుతారా, పంపేస్తారా అన్నది ముందే అడిగి తెలుసుకోవాలి.

పాల డెయిరీలో క్వాలిటీ అంటే వచ్చిన పాలలో వెన్న శాతం, వెన్న కాని ఘన పదార్థం చూడటం, నీళ్లు, యూరియా, పిండి లాంటివి కలిపారా అని పరీక్షించడం. పాలు ఆగవు కాబట్టి ఉదయం, రాత్రి అని ఉండదు. బట్టల ఫ్యాక్టరీలో క్వాలిటీ అంటే కుట్టు సరిగా పడిందా, కొలత సరిపోయిందా, మరక ఉందా అని చూడటం. దానికి కెమిస్ట్రీతో పనిలేదు. ఇక కాల్ సెంటర్ సంగతి చెప్పాం. మందుల కంపెనీతో కలిపితే ఐదు అవుతాయి. అన్నిచోట్లా పోస్టు పేరు మాత్రం దాదాపు ఒకటే.

కాబట్టి పోస్టు పేరు విని పని తెలిసిందనుకోకూడదు. ఏ పరిశ్రమ, ఏ డిపార్ట్‌మెంట్, అందులో ఏ సెక్షన్ అన్న మూడూ తెలిస్తేనే పని తెలిసినట్టు.

మందుల కంపెనీ లోపల

సరే, ఫార్మా కంపెనీ అని తేలిందనుకుందాం. అక్కడితోనూ అయిపోదు. మాకు కూడా ఈ సంగతి ఒక సీనియర్ అన్న కూర్చోబెట్టి చెప్పేదాకా తెలియదు.

ఫార్మాలో క్యూసీ వేరు, క్యూఏ వేరు. క్యూసీ వాళ్లు ల్యాబులో శాంపిల్ పరీక్ష చేస్తారు. క్యూఏ వాళ్లు పరీక్ష చేయరు. పని పద్ధతి ప్రకారం జరిగిందా లేదా అని రికార్డులు చూస్తారు, బ్యాచ్ కాగితాలు ఇస్తారు, తిరిగి సరిచూస్తారు. కొందరు మందు తయారయ్యే చోటే ఉండి, ఒక బ్యాచ్ అయిపోయి ఇంకో బ్యాచ్ మొదలయ్యే ముందు మిషన్ శుభ్రంగా ఉందా, పాత మందు తాలూకు ఏదైనా మిగిలిందా అని చూసి ఒప్పుకుంటారు. ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ వాళ్లను ఈ రెండింట్లోకీ తీసుకుంటారు. ప్రొడక్షన్‌లోకి కూడా తీసుకుంటారు. అక్కడ పని రియాక్టర్లు, సెంట్రిఫ్యూజులు, డ్రయ్యర్ల దగ్గర.

క్యూసీలో మళ్లీ సెక్షన్లు. ముడిసరుకు సెక్షన్ ఒకటి, తయారైన మందు సెక్షన్ ఒకటి. మందు ఎన్నాళ్లు నిలవ ఉంటుందో చూసే స్టెబిలిటీ సెక్షన్ ఇంకొకటి. చేసే పనిని బట్టి చూస్తే వెట్ ల్యాబ్ ఒకటి, ఇన్‌స్ట్రుమెంట్ ల్యాబ్ ఒకటి. వెట్ ల్యాబులో టైట్రేషన్, పీహెచ్, ఎండబెట్టి తేమ చూడటం, కార్ల్ ఫిషర్ పద్ధతిలో నీటి శాతం చూడటం లాంటివి ఉంటాయి. ఇన్‌స్ట్రుమెంట్ ల్యాబులో హెచ్‌పీఎల్‌సీ, జీసీ. మందులో అసలు పదార్థం ఎంత శాతం ఉంది, అక్కరలేని మలినాలు ఎన్ని ఉన్నాయి అన్నది హెచ్‌పీఎల్‌సీ చెబుతుంది. తయారీలో వాడిన ద్రావకాలు ఏమైనా మిగిలాయా అన్నది జీసీ చెబుతుంది.

ఇవన్నీ చేరాక తెలుసుకోవచ్చు కదా అనుకోవచ్చు. కానీ అసలు చిక్కు రెండేళ్ల తర్వాత వస్తుంది. ఫ్రెషర్‌గా ఎక్కడో ఒకచోట చేరతాం. రెండేళ్లయ్యాక కొంచెం మంచి జీతానికి ఇంకో కంపెనీకి వెళ్తే, అక్కడ ఎం.ఎస్సీ. మార్కులు పెద్దగా అడగరు. “హెచ్‌పీఎల్‌సీ మీద ఎన్నాళ్లు చేశావు? ఏ సాఫ్ట్‌వేర్ వాడావు? రిజల్టు స్పెసిఫికేషన్ దాటి వస్తే ముందు ఏం చేస్తావు?” అని అడుగుతారు. రెండేళ్లూ పీహెచ్, తేమ మాత్రమే చూసినవాడు అక్కడ నోరు తెరవలేడు. ఇద్దరి సర్టిఫికెట్ మీదా ‘క్యూసీ, 2 సంవత్సరాలు’ అనే ఉంటుంది. ఇద్దరి దారులు మాత్రం వేరైపోతాయి. మాకు ఈ మాట చెప్పిన సీనియర్ అన్న అలా ఇరుక్కున్నవాడే. “నేను చేరేటప్పుడు ఏ సెక్షన్ అని ఒక్క మాట అడగలేదురా, నాలుగేళ్లయినా వెట్ ల్యాబ్ దాటలేకపోయినా” అన్నాడు.

అడిగితే ఏమనుకుంటారో

మరి మేము ఎందుకు అడగలేదు? నిజం చెప్పాలంటే భయం. హాస్టల్లో పెరిగిన మనకు పెద్దవాళ్లను తిరిగి ప్రశ్న అడగడం అలవాటు లేదు. అడిగితే ఎదురు మాట్లాడినట్టు. ఇళ్లలో కూడా ఉద్యోగం చేసినవాళ్లు లేరు కాబట్టి, ఇలాంటివి అడగవచ్చని చెప్పేవాళ్లూ లేరు. పిలిచిందే గొప్ప, ఇంకా మనమే ప్రశ్నలడిగితే పిలుపు వెనక్కి పోతుందేమో అనుకుంటాం.

ఫోన్ చేసేవాళ్ల వైపు నుంచి చూస్తే సంగతి వేరేగా ఉంటుంది. వాళ్ల పని ఫలానా పోస్టుకు సరిపోయే మనుషులను ఇంటర్వ్యూకు పంపడం. సరిపోనివాళ్లు వస్తే మేనేజరు సమయం పోతుంది, వాళ్లకు మాట వస్తుంది. మనిషి చేరితేనే కన్సల్టెన్సీ వాళ్లకు కంపెనీ డబ్బిస్తుంది. చేరిన నెలలోనే మానేస్తే చాలాచోట్ల ఇంకొకరిని వెతికి పెట్టాల్సింది కూడా వాళ్లే. కాబట్టి పని గురించి అడిగిన ప్రశ్న వాళ్లకూ ఉపయోగమే. వాళ్లకు చికాకు తెప్పించేది వేరే ఉంది. ఇంకా ఇంటర్వ్యూనే కాకముందు “జీతం ఎంతిస్తారు, సెలవులెన్ని, రూమిస్తారా” అని మొదలుపెట్టడం. అవి కూడా అడగాల్సినవే, కానీ వాటి వరుస తర్వాత.

ఎలా అడగాలి

బెంగళూరు దెబ్బ తిన్నాక మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. ముందు థాంక్స్ చెప్పాలి, వస్తామన్న ఆసక్తి చూపాలి, ఆ తర్వాత ఒక్క ప్రశ్న అడగాలి. ప్రశ్న కూడా పరీక్షలో ఖాళీ పూరించినట్టు జవాబు చెప్పగలిగేలా ఉండాలి. “పని ఏంటి మేడమ్?” అని అడిగితే “క్వాలిటీ వర్క్” అనే జవాబు వస్తుంది. “క్యూసీనా, క్యూఏనా? క్యూసీ అయితే ఏ సెక్షన్?” అంటే సరైన జవాబు రాక తప్పదు.

ఫోన్లో ఎక్కువగా ఇంగ్లీషులో మాట్లాడతారు కాబట్టి ఒక వాక్యం బట్టీపట్టి పెట్టుకున్నాం: “థాంక్యూ ఫర్ కాలింగ్ మేడమ్, ఐ యామ్ ఇంట్రెస్టెడ్. బిఫోర్ ఐ కన్ఫర్మ్, మే ఐ నో విచ్ డిపార్ట్‌మెంట్ అండ్ విచ్ సెక్షన్ దిస్ పోస్ట్ ఈజ్ ఇన్?” ఇది నోటికి వచ్చేదాకా గదిలో ఒకరితో ఒకరం చెప్పుకున్నాం. ఫోన్ వచ్చినప్పుడు తడబడకుండా ఉండాలంటే అదొక్కటే దారి.

మూడు నెలల తర్వాత మాలో ఒకడికి మళ్లీ ఫోన్ వచ్చింది. ఈసారి ఒక కన్సల్టెన్సీ నుంచి, బెంగళూరు దగ్గర బొమ్మసంద్రలో ఒక మందుల కంపెనీకి. మాట్లాడిన సారు మన తెలుగాయనే. ఆ మాటలు ఇలా సాగాయి.

“క్వాలిటీలో ఓపెనింగ్ ఉందమ్మా, సోమవారం వెళ్లగలవా?”

“థాంక్స్ సార్, తప్పకుండా వెళ్తాను సార్. ఒక్క మాట సార్, ఇది క్యూసీనా, క్యూఏనా?”

“క్యూసీ అనుకుంటా.”

“క్యూసీలో ఏ సెక్షన్ సార్? వెట్ ల్యాబా, ఇన్‌స్ట్రుమెంటా? దానికి తగినట్టు చదువుకొని పోతాను సార్.”

“అది నాకు తెలీదమ్మా. కంపెనీని అడగాల.”

“కనుక్కొని చెప్తారా సార్? జాబ్ డిస్క్రిప్షన్ ఉంటే మెయిల్ పంపినా చాలు సార్.”

ఇందులో రెండు సంగతులు గమనించండి. ‘దానికి తగినట్టు చదువుకొని పోతాను’ అన్న మాట వల్ల ఆ ప్రశ్న బేరంలా కాక తయారీలా వినిపించింది. రెండోది, ఆయనకు తెలియదు అన్నప్పుడు మావాడు అక్కడ ఆపేయలేదు, కనుక్కొని చెప్పమన్నాడు. కన్సల్టెన్సీ వాళ్లకు ఒక్కోసారి కంపెనీ పంపిన ఒక లైను తప్ప ఏమీ తెలియదు. తెలియదు అనడం తప్పు కాదు. కనుక్కుంటాను అంటారా, లేదా అన్నదే చూడాలి.

మరునాడు మధ్యాహ్నం ఆయనే ఫోన్ చేశాడు. క్యూసీలో ముడిసరుకు సెక్షన్, మొదట వెట్ అనాలిసిస్, ఆరు నెలల తర్వాత హెచ్‌పీఎల్‌సీ మీద ట్రైనింగ్, మూడు షిఫ్టులు, కంపెనీ రోల్స్ అని చెప్పాడు. మావాడు ఆ రెండు రోజులూ టైట్రేషన్లు, కార్ల్ ఫిషర్, నార్మాలిటీ లెక్కలు మాత్రమే చదివాడు. ఇంటర్వ్యూలో అడిగినవి కూడా దాదాపు అవే. ఇంటర్వ్యూ చివర్లో “మీకేమైనా ప్రశ్నలున్నాయా?” అంటే, “హెచ్‌పీఎల్‌సీ ట్రైనింగ్ ఆరు నెలలకు అన్నారు, అది అందరికీ ఉంటుందా సార్?” అని అడిగాడు. ఖాళీని బట్టి ఇస్తామని ఆ సారు ఉన్న సంగతి చెప్పాడు. ఆ సంగతి తెలిసే మావాడు చేరాడు. చేరాక తొమ్మిదో నెలలో మిషన్ మీద కూర్చున్నాడు.

జవాబును ఎలా అర్థం చేసుకోవాలి

“అన్నీ చేయాలి, ఆల్ రౌండర్ కావాలి” అని కొందరంటారు. చిన్న కంపెనీల్లో అది నిజంగానే ఉంటుంది. నలుగురే ఉన్న ల్యాబులో ఒకరు అన్నీ చేయక తప్పదు, మొదటి ఉద్యోగానికి అది మంచిదే కావచ్చు. పెద్ద కంపెనీ పేరు చెప్పి అదే మాట అంటే మాత్రం, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ వేస్తారని అర్థం. అప్పుడు “సెక్షన్ ఎప్పుడు నిర్ణయిస్తారు సార్, ఎవరు నిర్ణయిస్తారు?” అని అడగాలి. ఒకేసారి చాలామంది ఫ్రెషర్లను తీసుకునేచోట చేరాకే కేటాయిస్తారు. అక్కడ ఎంత అడిగినా ఫోన్లో జవాబు దొరకదు, దానికి వాళ్లను తప్పుపట్టలేం.

“రోల్స్ ఎవరివి?” అన్నది కూడా ఒక్కోసారి అడగాలి. ల్యాబు కంపెనీదే అయినా జీతం ఇచ్చేది వేరే ఏజెన్సీ కావచ్చు. లేదా అది అప్రెంటిస్ పోస్టు కావచ్చు. అప్రెంటిస్ చట్టం (1961) కింద తీసుకుంటే ఇచ్చేది స్టైపెండ్, గడువు అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం లేదు. పని నేర్చుకోవడానికి అది మంచి దారే, కానీ ఉద్యోగం అనుకొని వెళ్లకూడదు.

టీము గురించి ఒకటే అడిగితే చాలు: “ఇది కొత్తగా పెడుతున్న పోస్టా, వెళ్లిపోయినవాళ్ల చోటా?” వెళ్లిపోయినవాళ్ల చోటైతే తప్పేమీ లేదు. కానీ అదే సెక్షన్‌కు ప్రతి మూడు నెలలకూ మనుషులను వెతుకుతున్నారని తెలిస్తే, ఎందుకు నిలవడం లేదో అక్కడ పనిచేసే మన సీనియర్లను కనుక్కోవాలి.

ఇక ప్రశ్నకు జవాబు చెప్పకుండా “ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టు, తర్వాత అన్నీ చెప్తాం” అంటే ఫోన్ పెట్టేయండి. పని పేరు చెప్పలేనివాళ్లు డబ్బు లెక్క మాత్రం కచ్చితంగా చెబితే, అక్కడ పోస్టే లేదు.

ఈ ప్రశ్నకు హద్దులూ ఉన్నాయి. మాలో ఒకడు అడిగితే, అవతలి మనిషి “నీకు ఇంట్రెస్ట్ ఉందా లేదా?” అని విసుక్కొని ఫోన్ పెట్టేసింది, మళ్లీ చేయలేదు. అలా కూడా అవుతుంది. ఇంకోటి, ఫోన్లో చెప్పిన మాట కాగితం కాదు. ఆఫర్ లెటర్‌లో డిపార్ట్‌మెంట్ పేరు ఏముందో చదవాలి. ఏ డిపార్ట్‌మెంట్‌కైనా, ఏ ఊరికైనా మార్చవచ్చు అన్న వాక్యం చాలా లెటర్లలో ఉంటుంది. అందుకే జవాబు మెయిల్‌లో రప్పించుకుంటే మేలు. రాకపోతే, విన్న జవాబును మనమే “మీరు ఫోన్లో చెప్పినట్టు ముడిసరుకు సెక్షన్ ఇంటర్వ్యూకు సోమవారం వస్తున్నాను” అని ఒక మెసేజి రాసి పంపాలి. తప్పుంటే వాళ్లే దిద్దుతారు.

మా మూడోవాడి సంగతి చెప్పి ముగిస్తాం. వాడికి వచ్చిన ఫోన్లో అడిగితే అది క్యూసీ కాదు, ప్రొడక్షన్ అని తెలిసింది. రాత్రి షిఫ్టు, రియాక్టర్ల దగ్గర. వాడు కోరుకున్నది అది కాదు. కానీ ఇంట్లో అప్పు ఉంది, ఆగే పరిస్థితి లేదు. వెళ్లాడు, చేరాడు. “అడిగి లాభమేముందిరా, చేరక తప్పలేదు కదా?” అన్నాం మేము. వాడన్నాడు: “తెలిసి చేరినాను కదా. మొదటి రోజు రియాక్టర్ చూసి నేను బిత్తరపోలేదు. నాతో చేరినోళ్లు ఇద్దరు ల్యాబనుకొని వచ్చి వారానికే పోయినారు.”

ఈసారి ఫోన్ వస్తే అడ్రస్ రాసుకునే ముందు ఆ ఒక్క ప్రశ్న అడగండి తమ్ముళ్లూ. కెమిస్ట్రీ కాక వేరే చదువు చదివినవాళ్లు మీ మీ రంగంలో ఏమడగాలో ఇక్కడ చదువుకొని వెళ్లిన అన్నలను కనుక్కోండి. అన్నలకు ఒక మనవి: మీ కంపెనీలో ఏ సెక్షన్‌లో ఏ పని ఉంటుందో ఒక పేజీ రాసి హాస్టల్ లైబ్రరీకి పంపండి. ఏ ప్రశ్న అడగాలో తెలియాలన్నా, ముందు అక్కడ ఏమేం పనులున్నాయో తెలియాలి కదా.